ఎస్సెమ్మెస్, వాట్సాప్, పుష్: ‘మీ ఆర్డర్ సిద్ధం’ అన్న ఒక్క ముక్క చేరడానికి ఎంత ఖర్చవుతుంది?

ఎస్సెమ్మెస్ ప్రొవైడర్ ఒక రేటు చెబుతాడు, వాట్సాప్ రేట్ కార్డులో ఇంకో రేటు ఉంటుంది, పుష్ నోటిఫికేషన్ అయితే ఉచితం అంటారు. చిన్న వ్యాపారం చేసేవాళ్లు చాలామంది ఈ మూడు అంకెల్నీ పక్కపక్కన రాసుకుని, నెలకు పంపే మెసేజ్‌ల సంఖ్యతో గుణించి, తక్కువ వచ్చినదాన్ని ఎంచుకుంటారు. నెలాఖరున బిల్లు చూస్తే ఆ గుణకారానికీ దీనికీ పొంతన ఉండదు. ప్రొవైడర్ మోసం చేశాడేమోనని అనుమానం వస్తుంది గానీ, ఎక్కువ సార్లు మోసమేమీ ఉండదు. ఆ మూడు రేట్లూ మూడు వేరు వేరు వస్తువుల ధరలు, అంతే.

ఎస్సెమ్మెస్ రేటు మెసేజ్‌కి కాదు, మెసేజ్‌లోని ఒక్కో ముక్కకి. దాన్ని సెగ్మెంట్ అంటారు. పైగా సాధారణంగా పంపిన క్షణానే లెక్కలో పడుతుంది, అవతలి ఫోన్‌కి చేరినా చేరకపోయినా. వాట్సాప్ రేటు చేరిన మెసేజ్‌కి మాత్రమే, కానీ అది ఏ రకం మెసేజ్ అన్నదాన్ని బట్టి, గ్రహీత నంబరు ఏ దేశానిది అన్నదాన్ని బట్టి కొన్ని రెట్లు మారిపోతుంది. పుష్‌లో సున్నా అనేది గూగుల్, యాపిల్ సర్వర్లకి మెసేజ్ అప్పగించడానికి అయ్యే ఖర్చు. అక్కడి నుంచి ఎవరికి చేరింది అన్నది వేరే కథ.

అందుకని ఇక్కడ రేట్లను పోల్చడం కాకుండా ఒకే ఒక్క మెసేజ్‌ని పట్టుకుని మూడు దారుల్లోనూ నడిపి చూద్దాం. ఒక చిన్న వ్యాపారానికి 1,000 మంది కస్టమర్లు ఉన్నారు, నెలకు 3,000 ఆర్డర్లు తయారవుతాయి, ప్రతిదానికీ ‘సిద్ధంగా ఉంది, వచ్చి తీసుకెళ్లండి’ అని ఒక మెసేజ్ వెళ్లాలి అనుకుందాం. డబ్బు లెక్క ఏ దేశంలోనైనా పనికొచ్చేలా ఒక ఎస్సెమ్మెస్ సెగ్మెంట్ ధరను 1 యూనిట్ అందాం. మిగతా ధరలన్నీ దాంతో పోల్చి ఇక్కడ ఉదాహరణకి పెట్టుకున్నవే, మీ రేట్ కార్డులోని అంకెలు వాటి స్థానంలో వేసుకుంటే సరిపోతుంది.

‘ధన్యవాదాలు’ అంటే బిల్లు రెట్టింపు

మెసేజ్ ఇదీ: “మీ ఆర్డర్ 4821 సిద్ధంగా ఉంది. రేపు సాయంత్రం 6 లోపు తీసుకెళ్లండి.”

చూడ్డానికి చిన్నదే. ఇందులో ఎన్ని అక్షరాలున్నాయి అనే ప్రశ్నకి మనం చెప్పే జవాబు ఒకటి, నెట్‌వర్క్ చెప్పే జవాబు ఇంకొకటి. ‘తీసుకెళ్లండి’ అన్న మాట మన కంటికి అయిదు అక్షరాలు. కంప్యూటర్‌కి అది త, దీర్ఘం, స, కొమ్ము, క, ఎత్వం, ళ, పొల్లు, ల, సున్న, డ, గుడి, మొత్తం 12. గుణింతం, ఒత్తు, సున్న, అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. ఇలా పైనున్న మెసేజ్ మొత్తం లెక్కపెడితే 64 వస్తుంది.

ఒక ఎస్సెమ్మెస్‌లో పట్టేది 140 బైట్లు. ఇంగ్లిష్ అక్షరాలకి ఒక్కోదానికి 7 బిట్లు చాలు కాబట్టి అందులో 160 పడతాయి. తెలుగు గానీ వేరే ఏ లిపి గానీ వస్తే ఒక్కో యూనికోడ్ అక్షరానికి 16 బిట్లు కావాలి, అప్పుడు పట్టేది 70 మాత్రమే. 70 దాటిందా, మెసేజ్‌ని ముక్కలు చేసి పంపాలి, ఫోన్ వాటిని మళ్లీ అతికించుకోవడానికి ప్రతి ముక్కలోనూ 6 బైట్లు గుర్తులకు పోతాయి, దాంతో ఒక్కో ముక్కలో పట్టేది 67కి తగ్గుతుంది (ఇంగ్లిష్‌లో అయితే 153కి). చదివేవాళ్లకి అది ఒకే మెసేజ్‌లా కనిపిస్తుంది. బిల్లులో మాత్రం ముక్కకి ముక్కే.

మన మెసేజ్ 64 కాబట్టి ఒక ముక్కలో సరిపోయింది. ఇప్పుడు మర్యాదగా చివర్న “ధన్యవాదాలు.” అని చేర్చండి. ఆ మాట 10, చుక్క ఒకటి, ముందున్న ఖాళీ ఒకటి, మొత్తం 76 అవుతుంది. రెండు ముక్కలు. నెలకు 3,000 యూనిట్లు అయ్యే ఖర్చు 6,000 అయింది, ఒక్క మాటకి. అదే ‘ధన్యవాదాలు’ బదులు ఒక 🙏 పెడితే దానికి రెండు స్థానాలు, ఖాళీతో కలిపి 67, ఇంకా ఒక ముక్కలోనే ఉంది! ఇంగ్లిష్ అక్షరాల్లో రాసేవాళ్లకి మాత్రం ఇది పూర్తిగా తిరగబడుతుంది. 120 అక్షరాల ఇంగ్లిష్ మెసేజ్ ఒక ముక్క, దానికి ఒక్క ఎమోజీ తగిలిస్తే మొత్తం మెసేజ్ 16 బిట్ల పద్ధతిలోకి మారి రెండు ముక్కలవుతుంది. ఎమోజీ పెట్టకపోయినా, వర్డ్ ఫైల్‌లోంచి కాపీ చేసినప్పుడు వచ్చే వంకర కొటేషన్ గుర్తులు, పొడవైన డాష్‌లు కూడా ఇదే పని చేస్తాయి, కంటికి మాత్రం ఏ తేడా కనపడదు. తెలుగులోనూ కనపడనిది ఒకటుంది: ‘ఆన్‌లైన్’ లాంటి మాటలో న పొల్లు పక్క ల తో కలిసిపోకుండా కీబోర్డు మధ్యలో పెట్టే గుర్తు. తెరమీద దానికి రూపం లేదు, లెక్కలో మాత్రం ఒకటి.

చేత్తో లెక్కపెట్టడం కష్టం కాబట్టి టెంప్లేట్ ఖరారు చేసేముందు ఈ నాలుగు పైథాన్ లైన్లు చాలు:

```python
text = "మీ ఆర్డర్ 4821 సిద్ధంగా ఉంది. రేపు సాయంత్రం 6 లోపు తీసుకెళ్లండి."
n = len(text.encode("utf-16-le")) // 2
parts = 1 if n <= 70 else -(-n // 67)
print(n, parts)
```

దీనికి జవాబు `64 1` అని వస్తుంది. ఇది తెలుగు మెసేజ్‌లకే పనికొచ్చే లెక్క, పూర్తిగా ఇంగ్లిష్ అక్షరాల్లో ఉన్నవాటికి 70, 67 స్థానంలో 160, 153 పెట్టుకోవాలి.

అయితే ఖరారు చేసిన టెంప్లేట్‌ని ఒకసారి కొలిచి వదిలేస్తే సరిపోదు, ఎందుకంటే లోపల మారే భాగాలుంటాయి. ఇవాళ ఆర్డర్ నంబరు 4821. ఆరు నెలల తర్వాత ఎవరో సాఫ్ట్‌వేర్ మార్చి ఆ నంబరును `ORD-2025-4821` అనే రూపంలోకి తెస్తారు, ఒక్కసారిగా 9 స్థానాలు పెరిగి 73 అవుతుంది, మెసేజ్‌లో ఒక్క మాట కూడా మారకుండానే ఖర్చు రెట్టింపు. కస్టమర్ పేరు పెట్టే అలవాటు ఉంటే ఇంకా గమ్మత్తు, పేరు చిన్నదైన వాళ్లకి ఒక ముక్క, పెద్దదైన వాళ్లకి రెండు. దీన్ని పట్టుకునే సులువైన దారి బిల్లులోనే ఉంది. బిల్లులో పడిన సెగ్మెంట్ల సంఖ్యని మీరు పంపిన మెసేజ్‌ల సంఖ్యతో భాగించండి. 1 రావాల్సిన చోట 1.4 వస్తోందంటే పదిలో నాలుగు మెసేజ్‌లు గీత దాటుతున్నాయని అర్థం. కొలతకి ఎప్పుడూ అత్యంత పొడవైన పేరు, అత్యంత పొడవైన నంబరు వేసి చూడాలి, సగటు కాదు.

మెసేజ్‌ని కుదించడం కూడా కష్టమేం కాదు. “ఆర్డర్ 4821 రెడీ. రేపు సా. 6 లోపు తీసుకెళ్లండి.” అంటే 47 మాత్రమే, పేరుకో చిన్న వివరానికో ఇంకా 23 స్థానాలు మిగులుతాయి. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసి 160 దక్కించుకోవడం ఇంకో దారి, చాలామంది అదే చేస్తారు. కానీ అలా రాసింది చదవడానికి తడుముకునే పెద్దవాళ్లు కస్టమర్లలో ఉంటే, ఆదా చేసిన యూనిట్ ఒక ఫోన్ కాల్ రూపంలో తిరిగి వస్తుంది, ‘ఏం పంపారండీ, అర్థం కాలేదు’ అని. లిపిని వదులుకోవడం కన్నా మాటల్ని తగ్గించుకోవడమే మంచి బేరం.

ఎస్సెమ్మెస్‌లో రెండో చిల్లు పనిచేయని నంబర్లు. పంపగానే లెక్కలో పడుతుంది కాబట్టి, 3,000లో 240 మెసేజ్‌లు ఎప్పుడో మూసేసిన నంబర్లకి వెళ్తుంటే ఆ 240 యూనిట్లు ప్రతి నెలా పోతూనే ఉంటాయి. డెలివరీ రిపోర్టులో వరుసగా మూడుసార్లు ఫెయిల్ అయిన నంబరును జాబితాలోంచి తీసి, ఆ కస్టమర్ మళ్లీ వచ్చినప్పుడు కొత్త నంబరు అడగడం తప్ప దీనికి వేరే మందు లేదు. ఒక జాగ్రత్త, కొన్ని దారుల్లో డెలివరీ రిపోర్టు ఫోన్ నుంచి కాకుండా మధ్యలో ఉన్న నెట్‌వర్క్ నుంచే వచ్చేస్తుంది. మీ దగ్గరున్న ఒక ఫోన్ స్విచాఫ్ చేసి దానికి మెసేజ్ పంపి చూడండి, అప్పుడు కూడా ‘డెలివర్డ్’ అని వస్తే ఆ రిపోర్టును నమ్మలేం.

వాట్సాప్‌లో ధర మెసేజ్‌కి, అదీ కేటగిరీని బట్టి

వాట్సాప్ ద్వారా సిస్టమ్ నుంచి ఆటోమేటిక్‌గా పంపాలంటే బిజినెస్ ప్లాట్‌ఫామ్ వాడాలి. (ఫోన్‌లో ఉండే మామూలు బిజినెస్ యాప్ వేరు. దాంట్లో బ్రాడ్‌కాస్ట్ జాబితాకి 256 మంది దాకా పెట్టుకోవచ్చు, కానీ మీ నంబరును ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది. రోజుకు పది పదిహేను ఆర్డర్లుండే వ్యాపారానికి దాంతో చేత్తో పంపుకోవడమే చాలు, కింది లెక్కంతా అక్కర్లేదు.)

ఈ ప్లాట్‌ఫామ్‌లో ధరల పద్ధతి గత కొన్నేళ్లలో బాగా మారింది. 2022 నుంచి 24 గంటల సంభాషణకి ఒక ఛార్జీ అని ఉండేది, 2025 జూలై 1 నుంచి చేరిన ఒక్కో టెంప్లేట్ మెసేజ్‌కి ఒక ఛార్జీ అయింది. ఇంటర్నెట్‌లో ఇంకా పాత పద్ధతి ప్రకారం రాసిన పోలికలు చాలా తిరుగుతున్నాయి, వాటితో బడ్జెట్ వేసుకుంటే తప్పుతుంది. ఇప్పటి పద్ధతిలో తెలుసుకోవాల్సినవి రెండు. మొదటిది, టెంప్లేట్‌కి ఒక కేటగిరీ ఉంటుంది: ఆర్డర్ సమాచారం లాంటిది యుటిలిటీ, ఆఫర్లు మార్కెటింగ్, ఓటీపీలు ఆథెంటికేషన్. మార్కెటింగ్ రేటు యుటిలిటీ కన్నా కొన్ని రెట్లు ఎక్కువ. రెండోది, కస్టమర్ మీకు మెసేజ్ పెట్టిన క్షణం నుంచి 24 గంటలు ఒక కిటికీ తెరుచుకుంటుంది, ఆ లోపు మీరిచ్చే మామూలు జవాబులూ, యుటిలిటీ టెంప్లేట్లూ ఉచితం. మార్కెటింగ్ టెంప్లేట్‌కి మాత్రం ఆ కిటికీ వర్తించదు, ఆ లోపు పంపినా డబ్బు పడుతుంది.

మన లెక్కకి యుటిలిటీ 0.6 యూనిట్, మార్కెటింగ్ 4 యూనిట్లు అనుకుందాం. 3,000 మెసేజ్‌లలో 15 శాతం మందికి వాట్సాప్ లేదు, లేదా వాళ్లు ఒప్పుకోలేదు. ఆ 450 మెసేజ్‌లకి ఎస్సెమ్మెస్సే గతి, ఒక్క ముక్కలో పంపితే 450 యూనిట్లు. మిగిలిన 2,550కి 0.6 చొప్పున 1,530. మొత్తం 1,980 యూనిట్లు.

ఇప్పుడు కిటికీ సంగతి. కస్టమర్లు ఆర్డరే వాట్సాప్‌లో పెడుతున్నారనుకోండి, అది 24 గంటల లోపే తయారవుతోందనుకోండి, అలాంటివి 2,550లో 40 శాతం ఉంటే 1,020 మెసేజ్‌లు ఉచితం. మిగిలిన 1,530కి 918 యూనిట్లు, ఎస్సెమ్మెస్‌వి 450 కలిపి 1,368. ఎస్సెమ్మెస్ ఒక్కటే వాడితే అయ్యే 3,000తో పోలిస్తే సగం కన్నా తక్కువ. ఇక్కడ ఆదా తెచ్చింది తక్కువ రేటు ఒక్కటే కాదు, మొదటి మాట కస్టమర్ వైపు నుంచి రావడం కూడా. రసీదు మీద వాట్సాప్ లింకు ఉండే క్యూఆర్ కోడ్ పెట్టి, ‘స్టేటస్ కోసం ఇక్కడ మెసేజ్ చేయండి’ అని రాయడం లాంటి చిన్న మార్పు, రేటు మీద బేరమాడటం కన్నా ఎక్కువ మిగులుస్తుంది.

అయితే ప్లాట్‌ఫామ్‌ని చాలామంది ఒక మధ్యవర్తి ప్రొవైడర్ ద్వారా తీసుకుంటారు, వాళ్లకి నెల చందా ఉంటుంది, కొందరు ఒక్కో మెసేజ్ మీద కూడా కొంత కలుపుతారు. చందా 1,000 యూనిట్లు అనుకుంటే మొత్తం 2,368 అవుతుంది, ఇంకా ఎస్సెమ్మెస్ కన్నా తక్కువే. కానీ ఇదే వ్యాపారంలో నెలకు 1,000 ఆర్డర్లే ఉంటే? ఎస్సెమ్మెస్‌కి 1,000. వాట్సాప్‌కి 456, చందా 1,000, మొత్తం 1,456. చౌక అనుకున్నది ఖరీదైంది. మెసేజ్‌కి ఎస్సెమ్మెస్ కన్నా మిగిలేది 0.544 యూనిట్ కాబట్టి 1,000 చందాను దాంతో భాగిస్తే సుమారు 1,840 వస్తుంది, నెలకు అంతకన్నా తక్కువ పంపేవాళ్లకి ఈ లెక్కలో వాట్సాప్ గిట్టుబాటు కాదు. ప్రొవైడర్‌తో మాట్లాడేటప్పుడు ముందు వేయాల్సిన భాగహారం ఇదే. సేల్స్ వాళ్లు ఒక్కో మెసేజ్ రేటు గురించే మాట్లాడతారు, చిన్న సంఖ్యలో పంపేవాళ్లని ముంచేది మాత్రం నెల చందా.

ఇంతకన్నా ప్రమాదకరమైంది కేటగిరీ మారిపోవడం. ‘మీ ఆర్డర్ సిద్ధం’ అన్న టెంప్లేట్ చివర ఎవరో ఉత్సాహంగా ‘వచ్చే ఆర్డర్ మీద 10 శాతం తగ్గింపు!’ అని ఒక వాక్యం చేరుస్తారు. ఆ ఒక్క వాక్యంతో అది మార్కెటింగ్ అవుతుంది. కేటగిరీ మీరు యుటిలిటీ అని పెట్టుకున్నా, తుది నిర్ణయం వాట్సాప్ యజమాని మెటాది, టెంప్లేట్‌ని చూసి వాళ్లే మార్చగలరు. అప్పుడు కిటికీ ఉచితం కూడా పోతుంది: 2,550కి 4 చొప్పున 10,200, ఎస్సెమ్మెస్‌వి 450, మొత్తం 10,650. చందా కలపకుండా చూస్తే 1,368 ఎక్కడ, 10,650 ఎక్కడ! అవే 3,000 మెసేజ్‌లు, దాదాపు ఎనిమిది రెట్ల బిల్లు. ఇది నెలాఖరు దాకా తెలియకపోవడానికి కారణం, మెసేజ్‌లు ఎప్పటిలాగే చేరుతుంటాయి, ఎక్కడా ఎర్రర్ రాదు. టెంప్లేట్‌ని ఎడిట్ చేసిన ప్రతిసారీ దాని కేటగిరీని వాట్సాప్ మేనేజర్ తెరలో మళ్లీ చూడటం, మెసేజ్ స్టేటస్‌తో పాటు వాట్సాప్ మీ సర్వర్‌కి పంపే వెబ్‌హుక్‌లో వచ్చే `pricing` భాగంలో `category` ఏమని ఉందో లాగ్‌లో రాసుకోవడం, ఈ రెండూ ఉంటే తేడా మొదటి రోజే బయటపడుతుంది.

సున్నా రూపాయల పుష్

ఆండ్రాయిడ్ వైపు ఫైర్‌బేస్ క్లౌడ్ మెసేజింగ్, ఐఫోన్ వైపు యాపిల్ పుష్ సర్వీసు, రెండూ ఒక్కో మెసేజ్‌కి ఏమీ తీసుకోవు. యాపిల్ డెవలపర్ సభ్యత్వం ఏడాదికి 99 డాలర్లు, గూగుల్ ప్లే నమోదు ఒకసారికి 25 డాలర్లు, ఇవి ఎలాగూ యాప్ ఉంటే కట్టేవే. సెగ్మెంట్ల బాధ లేదు. 4 కిలోబైట్ల దాకా పడుతుంది, తెలుగు అక్షరానికి మూడు బైట్లు చొప్పున పోయినా ఇలాంటి మెసేజ్‌లు ఇరవై పడతాయి. ‘ధన్యవాదాలు’ హాయిగా చెప్పుకోవచ్చు.

సమస్య చేరడంలో ఉంది. 1,000 మంది కస్టమర్లలో యాప్ వేసుకున్నవాళ్లు 300 మంది అనుకుందాం, చిన్న వ్యాపారానికి అది మంచి సంఖ్యే. ఐఫోన్‌లో నోటిఫికేషన్లకి ఎప్పట్నుంచో అనుమతి అడగాలి, ఆండ్రాయిడ్‌లో 13వ వెర్షన్ నుంచి కొత్తగా వేసుకున్న యాప్ కూడా అడగాల్సిందే. యాప్ తెరిచిన మొదటి సెకన్‌లోనే అడిగితే, ఎందుకో తెలియక చాలామంది వద్దనేస్తారు. ఒప్పుకున్నవాళ్లు 200 అనుకుందాం. వాళ్లలో యాప్ తీసేసినవాళ్లు, ఫోన్ మార్చి మళ్లీ లాగిన్ కానివాళ్లు పోగా పనిచేసే టోకెన్లు, అంటే పుష్ వెళ్లే యాప్ చిరునామాలు, 160. వెయ్యిలో 160 మందికి పుష్ వెళ్తుంది, మిగతా 840 మందికి పైన చెప్పిన డబ్బు దారులే దిక్కు.

ఆ 160 మంది మిగతావాళ్లంత తరచుగానే ఆర్డర్ ఇస్తారనుకుంటే 3,000లో 480 మెసేజ్‌లు వాళ్లవి. వాట్సాప్, ఎస్సెమ్మెస్ కలిపిన దారిలో ఒక్కోదానికి సగటున 0.456 పడుతోంది కాబట్టి, పుష్ వల్ల నెలకు మిగిలేది సుమారు 219 యూనిట్లు. యాప్ వేసుకునేది ఎక్కువగా పాత, నమ్మకమైన కస్టమర్లే కాబట్టి వాళ్ల ఆర్డర్లు ఇంతకి రెట్టింపు ఉండొచ్చు, అప్పుడు 438. ఇంకా ఉదారంగా, ప్రతి ఒక్కరూ పుష్‌కి మారిపోయారనుకున్నా మిగిలేది మొత్తం బిల్లు 2,368, అంతకు మించి మిగలడానికి అక్కడ ఏమీ లేదు. మెసేజ్‌ల ఖర్చు తగ్గించడానికి యాప్ చేయించుకోమని ఎవరైనా సలహా ఇస్తే, ఏటా కొత్త ఆండ్రాయిడ్, ఐఓఎస్ వెర్షన్లకి యాప్‌ని సరిచేయించే ఖర్చును ఈ గరిష్ఠ అంకె పక్కన పెట్టి చూడాలి. యాప్ వేరే కారణానికి ముందే ఉంటే పుష్‌ని తప్పకుండా వాడాలి. మెసేజ్‌ల కోసమే యాప్ అంటే ఇంత చిన్న సంఖ్యల దగ్గర లెక్క కుదరదు. యాప్ లేకుండా బ్రౌజర్ ద్వారా పంపే వెబ్ పుష్ ఉంది గానీ, ఐఫోన్‌లో అది 16.4 వెర్షన్ నుంచే, అదీ సైటును హోమ్ స్క్రీన్‌కి చేర్చుకున్నవాళ్లకే పనిచేస్తుంది.

పుష్‌లో ఇంకో చిక్కు, చేరిందో లేదో మీకు సులువుగా తెలియదు. ఫైర్‌బేస్ ‘సరే’ అని ఒక మెసేజ్ ఐడీ ఇస్తుంది, దానర్థం మెసేజ్ తీసుకున్నామని మాత్రమే. ఫోన్ ఆఫ్‌లో ఉంటే ఏ గడువూ పెట్టకపోతే నాలుగు వారాల దాకా దాచి ఉంచుతుంది. ‘రేపు సాయంత్రం 6 లోపు’ అన్న మెసేజ్ వారం తర్వాత మోగితే కస్టమర్ కంగారు పడతారు, కాబట్టి గడువును గంటల్లో పెట్టాలి. `UNREGISTERED` అని జవాబు వచ్చిన టోకెన్‌ని వెంటనే తుడిచేయాలి. లేకపోతే సిస్టమ్ ఆ కస్టమర్‌కి పుష్ పంపేశానని తృప్తి పడి వేరే దారి వెతకదు. ఆర్డర్ తయారై పడి ఉంటుంది, ఎవరూ రారు. సున్నా ఖర్చు మెసేజ్‌కి అసలు నష్టం ఇక్కడ.

మూడూ కలిపితే రెండుసార్లు కట్టే ప్రమాదం

ముందు పుష్, అది అందకపోతే వాట్సాప్, అదీ అందకపోతే ఎస్సెమ్మెస్ అనే వరస చెప్పుకోవడానికి తేలిక. ‘అందకపోతే’ అన్నదాన్ని ఎలా తేలుస్తారు అన్నదే చిక్కు. పుష్ విషయంలో, యాప్ మెసేజ్ అందగానే మీ సర్వర్‌కి చిన్న సమాధానం పంపేలా రాయించుకోవాలి, అది పది నిమిషాల్లో రాకపోతే అందలేదనుకోవాలి. వాట్సాప్‌లో `delivered` స్టేటస్ వస్తుంది కాబట్టి తేలికే అనిపిస్తుంది గానీ, కస్టమర్ ఇంటర్నెట్ ఆపేసి ఉన్నారనుకోండి. పది నిమిషాలు చూసి మీరు ఎస్సెమ్మెస్ పంపుతారు, 1 యూనిట్. రాత్రి వాళ్లు ఇంటర్నెట్ ఆన్ చేయగానే ఆగిపోయిన వాట్సాప్ మెసేజ్ కూడా చేరుతుంది, ఇంకో 0.6. ఒకే కబురుకి 1.6 కట్టారు, కస్టమర్‌కి అదే విషయం రెండుసార్లు వెళ్లింది.

దీన్ని ఆపాలంటే యుటిలిటీ టెంప్లేట్‌కి గడువు పెట్టాలి, `message_send_ttl_seconds` అనే విలువతో. ఆ లోపు చేరకపోతే వాట్సాప్ దాన్ని వదిలేస్తుంది, డబ్బూ పడదు. ఎస్సెమ్మెస్‌కి మారే సమయం ఈ గడువు కన్నా కాస్త ఎక్కువ ఉండాలి, తక్కువ ఉంటే మళ్లీ అదే రెండు ఛార్జీల కథ. ‘ఆర్డర్ సిద్ధం’ అన్నది ఆ నిమిషంలోనే తెలియాల్సిన కబురేమీ కాదు కాబట్టి గడువు రెండు గంటలు, ఎస్సెమ్మెస్ రెండు గంటల పది నిమిషాలకి అని పెట్టుకోవచ్చు. గడువును పది నిమిషాలకి కుదిస్తే, ఆ కాసేపు ఇంటర్నెట్ లేని ప్రతి ఒక్కరికీ ఎస్సెమ్మెస్ వెళ్లిపోయి 450 అనుకున్నది ఇట్టే 900 దాటుతుంది. తొందర ఎంత పెరిగితే ఖర్చు అంత పెరుగుతుంది, కాబట్టి ఈ నిమిషాల్ని డెవలపర్ తనకి తోచినట్టు పెట్టేయకుండా వ్యాపారం చేసేవాళ్లే చెప్పాలి.

ఆఫర్ మెసేజ్‌ల లెక్క పూర్తిగా వేరు, అక్కడ కిటికీ ఉచితం లేదు. 1,000 మందికి లింకుతో సహా ఒక ఆఫర్ పంపితే ఎస్సెమ్మెస్‌లో రెండు ముక్కలకి 2,000 యూనిట్లు, వాట్సాప్‌లో 850 మందికి 3,400. ఒకే మనిషికి వివిధ వ్యాపారాల నుంచి వెళ్లే మార్కెటింగ్ మెసేజ్‌ల మీద మెటా పరిమితి పెట్టింది కాబట్టి కొన్ని అసలు చేరవు, చేరనివాటికి డబ్బు పడదు. ఏది మేలో రేటు చూసి చెప్పలేం. చెరో 200 మందిని యాదృచ్ఛికంగా తీసుకుని, ఒక గుంపుకి ఎస్సెమ్మెస్‌లో ఒక కూపన్ కోడ్, ఇంకో గుంపుకి వాట్సాప్‌లో వేరే కోడ్ పంపి, వారం తర్వాత ఖర్చును ఒక్కో కోడ్‌తో వచ్చిన ఆర్డర్ల సంఖ్యతో భాగించాలి. ఉదాహరణకి ఎస్సెమ్మెస్ గుంపుకి 400 యూనిట్లు పోయి 2 ఆర్డర్లు, వాట్సాప్ గుంపులో 150 మందికి చేరి 600 యూనిట్లు పోయి 5 ఆర్డర్లు వస్తే, ఆర్డర్‌కి 200, 120 అన్నమాట. అయితే 2కీ 5కీ మధ్య తేడా కాకతాళీయం కూడా కావచ్చు, ఇంత చిన్న అంకెల మీద నిర్ణయం తీసుకోకుండా రెండు మూడు ఆఫర్లకి ఇదే కొలత వేసి, ఆర్డర్ల సంఖ్య పెరిగాక చూడాలి. మూడో గుంపుగా ఇంకో 200 మందికి ఏమీ పంపకుండా ఉంచితే ఇంకా మంచిది, వాళ్లు ఎలాగూ ఇచ్చే ఆర్డర్లెన్నో తెలుస్తుంది, వాటిని మెసేజ్ ఖాతాలో రాసుకోకుండా ఉంటాం.